సరస్సు మీద తెల్లవారుజాము: బొమ్మలో దూరం ఎక్కడి నుంచి వస్తుంది?

స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ ఊరు సరస్సు పడమటి కొసన ఉంటుంది. ఒడ్డున నిలబడి తూర్పుకు చూస్తే, సుమారు 13 కిలోమీటర్ల అవతల రీగి కొండ కనిపిస్తుంది. 1841 వేసవిలో అక్కడ బస చేసిన ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ ఈ దృశ్యాన్ని వేర్వేరు వేళల్లో చిత్తుబొమ్మలుగా గీసుకున్నాడు. మరుసటి ఏడాది వాటి ఆధారంగా మూడు నీటిరంగు చిత్రాలు పూర్తి చేశాడు. వాటిలో రెండు ఈ వ్యాసానికి ముఖ్యం. బ్లూ రీగి లండన్‌లోని టేట్ గ్యాలరీలో ఉంది. రెడ్ రీగి మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో ఉంది. మొదటిది సూర్యోదయానికి కాస్త ముందు వేళ, రెండోది సాయంకాలం. ఒక దాంట్లో కొండ నీలం, ఇంకో దాంట్లో ఎరుపు. కొండ అదే, ఒడ్డు అదే, దూరం కూడా అదే.

కొండల నడుమ సరస్సును, అదీ తెల్లవారుజామున, బొమ్మగానో ఫొటోగానో దింపాలనుకునేవాళ్లకు నేర్పే మొదటి పాఠం దాదాపు ఎక్కడైనా ఒకటే: ముందుభాగం ముదురుగా, నడిమిభాగం మధ్యస్థంగా, దూరపు కొండలు పలచగా, నీలంగా ఉండాలి. ఇలా మూడు పొరలు పేర్చితే లోతు దానంతట అదే వస్తుందంటారు. ఈ పాఠం వెనక దాదాపు వెయ్యేళ్ల వాదం ఉంది. అందులో ఒక్కో పక్షం ఒక్కో నిజాన్ని పట్టుకుంది. చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, వాళ్లలో చాలామంది వేర్వేరు విషయాలను ఒకే పేరుతో పిలిచి వాదించుకున్నారు.

తెరలు పేర్చినవాళ్లు

పదిహేడో శతాబ్దంలో రోమ్‌లో స్థిరపడిన క్లాడ్ లొరేన్ చిత్రాల్లో ఈ పద్ధతి అచ్చంగా కనిపిస్తుంది. ఒక పక్కన నీడలో మునిగిన పెద్ద చెట్టు, దాని వెనక వెలుగు పడ్డ నీళ్లో వంతెనో, ఆ వెనక బంగారు మసకలో కలిసిపోయే కొండలు. రంగస్థలం మీద పక్కతెరల్లాగా ముదురు ఆకారాలు చూపును లోపలికి నెడతాయి. క్లాడ్ ఇదంతా గదిలో కూర్చుని కనిపెట్టలేదు. తెల్లవారకముందే పొలాల్లోకి వెళ్లి, ఉదయపు ఆకాశాన్ని గమనించి, అప్పుడు చూసిన రంగులు కలుపుకుని ఇంటికి వచ్చేవాడని ఆయన్ను ఎరిగిన చిత్రకారుడు జోకిమ్ ఫాన్ సాండ్రార్ట్ రాసిపెట్టాడు.

ఆ తర్వాతి శతాబ్దంలో విలియం గిల్పిన్ ఈ ఏర్పాటును సూత్రంగా మార్చాడు. ఉత్తర ఇంగ్లండ్ సరస్సుల ప్రాంతం గురించి 1786లో వెలువడిన పుస్తకంలో ఆయన దృశ్యాన్ని మూడు భాగాలుగా విడదీశాడు: వెనక కొండలూ సరస్సులూ, నడుమ లోయలూ అడవులూ, ముందు రాళ్లూ జలపాతాలూ విరిగిన నేలా. ముందుభాగం చప్పగా ఉంటే చిత్రకారుడు దాన్ని సొంతంగా దిద్దుకోవచ్చని కూడా ఒప్పుకున్నాడు. నేటి ఫొటోగ్రాఫర్లు ఒడ్డున ఒక రాయినో పడవనో వెతుక్కునే అలవాటు మూలాలు ఇక్కడే ఉన్నాయి.

ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ ఒకచోటే ఉన్నాయి. ముందున్న వస్తువు వెనకదాన్ని కొంత కప్పితే ఏది ముందో ఏది వెనకో కంటికి తిరుగు లేకుండా తెలుస్తుంది. కానీ ఎంత వెనకో తెలియదు. పది మీటర్ల వెనకున్న పొదైనా, పది కిలోమీటర్ల వెనకున్న కొండైనా కప్పడం ఒకేలా ఉంటుంది. వరస చెప్పగలదు కానీ దూరం కొలవలేదు. తెరల పద్ధతిని మాత్రమే నమ్ముకున్న బొమ్మలు అట్టముక్కలు నిలబెట్టినట్టు కనిపించడానికి కారణం ఇదే.

గాలిని నమ్మినవాళ్లు

దూరాన్ని కొలిచే పని గాలి చేస్తుందని యూరప్‌లో అందరికన్నా స్పష్టంగా చెప్పినవాడు లియొనార్డో డా విన్చి. ఒక గోడ వెనక కనిపించే భవనాల్లో ఒకటి మరొకదానికన్నా అయిదింతలు దూరంలో ఉంటే దానికి అయిదింతలు నీలం కలపమన్నాడు. అంతకన్నా సూక్ష్మమైన సంగతి మరొకటి గమనించాడు. దూరపు కొండ పాదం కన్నా శిఖరమే ముదురుగా కనిపిస్తుంది, ఎందుకంటే నేలకు దగ్గరి గాలి చిక్కన, పైది పలచన. ఇప్పటికీ చాలా బొమ్మలు తప్పేది ఈ రెండో సంగతి దగ్గరే.

అయిదింతల లెక్కను అక్షరాలా పట్టుకుంటే కుదరదు. దూరపు కొండ మనకు రెండు రకాల వెలుగుగా చేరుతుంది. కొండ నుంచి బయల్దేరిన వెలుగు దారిలో కొంత చెదిరి తగ్గుతుంది. అదే దారిలోని గాలి ఎండను మన వైపు చెదరగొట్టి తన సొంత వెలుగును పైన కలుపుతుంది. ఈ కలిసిన వెలుగే మసక. చిన్న అణువులు నీలం వెలుగును ఎరుపుకన్నా సుమారు నాలుగింతలు ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి ముదురు అడవికొండ మీద ఆ మసక నీలంగా తేలుతుంది. మంచుశిఖరం సంగతి ఇందుకు తలకిందులు. దాని తెల్లని వెలుగులోంచే నీలం రాలిపోతుంది గనక అది పసుపుగానో నారింజగానో మారుతుంది. దూరమైతే నీలమే అన్న మాట ముదురు వస్తువులకు వర్తించినంతగా తెల్లనివాటికి వర్తించదు.

ఈ తగ్గుదలకు జర్మన్ శాస్త్రవేత్త కోష్మీడర్ 1924లో లెక్క కట్టాడు. దూరం పెరిగేకొద్దీ వస్తువుకూ ఆకాశానికీ మధ్య వెలుగునీడల తేడా చక్రవడ్డీకి తిరగేసిన పద్ధతిలో కరుగుతుంది. ఆ తేడా నూటికి 2 వంతులకు పడిపోయే దూరాన్ని ఆ రోజు చూపుమేర అంటారు. దీన్ని లూసర్న్ దృశ్యానికి వేసి చూస్తే పొరల రహస్యం బయటపడుతుంది. చూపుమేర 40 కిలోమీటర్లు అనుకుందాం. ఒక కిలోమీటరు దూరపు ఒడ్డు తన అసలు తేడాలో 91 శాతం నిలుపుకుంటుంది, 4 కిలోమీటర్ల అవతలి గట్టు 68 శాతం, 13 కిలోమీటర్ల రీగి 28 శాతమే. చూపుమేర 100 కిలోమీటర్లున్న తేటరోజున ఆ మూడు అంకెలూ 96, 86, 60. అంటే తేటరోజున మూడు పొరలూ దగ్గరదగ్గరి ఛాయల్లో ఉంటాయి. చూపుమేర 20 కిలోమీటర్లకు పడిపోతే రీగికి మిగిలేది 8 శాతం, కొండ ఒక ఊహలాగా నిలుస్తుంది.

చిత్రకారులకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. పొర నుంచి పొరకు ఛాయ సమానమైన మెట్లలో పలచబడదు. ఆ మెట్టు ఎంత ఉండాలో వాటి మధ్య ఉన్న గాలి నిర్ణయిస్తుంది. ఒడ్డుకూ గట్టుకూ మధ్య 3 కిలోమీటర్లే ఉంటే మెట్టు చిన్నది, గట్టుకూ కొండకూ మధ్య 9 ఉంటే పెద్దది. అన్ని పొరలనూ ఒకే కొలతతో పలచబరిస్తే కొండలన్నీ సమదూరంలో వరసకట్టి నిలబడ్డట్టు అబద్ధం పలుకుతాయి.

మంచు వేరు, మసక వేరు

లియొనార్డోకన్నా నాలుగు వందల ఏళ్ల ముందే చైనాలో గువో షీ అనే ఆస్థాన చిత్రకారుడు ఈ ప్రశ్నను మరో దారిలో పట్టుకున్నాడు. ఆయన మాటలను కొడుకు గువో స్సు గ్రంథంగా కూర్చాడు. అందులో దూరాలు మూడు రకాలు: కొండ కింద నుంచి శిఖరాన్ని తలెత్తి చూసేది ఎత్తైన దూరం, కొండ ముందు నుంచి వెనకకు తొంగిచూసేది లోతైన దూరం, దగ్గరి కొండ మీది నుంచి దూరపు కొండల వైపు సమంగా చూసేది సమతల దూరం. ఆయన 1072లో పట్టు మీద సిరాతో గీసిన ‘తొలి వసంతం’ తైపేలోని జాతీయ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. ఆ చిత్రంలో కొండల నడుములు మంచులో మాయమవుతాయి, శిఖరాలు మంచు పైన మళ్లీ తేలతాయి. మాయమైన భాగం ఎంత లోతుందో చూసేవాళ్లే ఊహించుకోవాలి.

ఈ రెండు సంప్రదాయాలనూ పోల్చేవాళ్లు తరచూ ‘ఇద్దరూ మసకతోనే లోతు సాధించారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అది సరికాదు. లియొనార్డో చెప్పిన గాలి అంతటా పరుచుకున్న పలుచని మసక. దానికి అంచు ఉండదు, దూరంతోపాటు కొద్దికొద్దిగా చిక్కబడుతుంది. గువో షీ మంచు నీటిబిందువుల గుంపు. ఆ బిందువులు వెలుగు తరంగాలకన్నా చాలా పెద్దవి గనక అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అందుకే అది తెల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది తప్ప నీలంగా ఉండదు. దానికి పైఅంచు ఉంటుంది, ఒకచోట ఉండి పక్కన లేకుండా పోతుంది. మసక దూరాన్ని కొలిస్తే, మంచు దూరాన్ని తెంపుతుంది.

కొండ సరస్సు మీద తెల్లవారుజామున ఈ రెండూ ఒకేసారి ఉంటాయి, గందరగోళం అందుకే. రాత్రి చల్లబడ్డ గాలి వాలుల మీదుగా జారి లోయ అడుగున నిలుస్తుంది. నీరు ఆ గాలికన్నా వెచ్చగా ఉంటే ఆవిరి నీటిమట్టం మీదే మంచుగా కడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి దగ్గరి తాజంగి జలాశయం మీద శీతాకాలపు ఉదయాల్లో జనం చూడటానికి వెళ్లేది ఇలాంటి మంచునే. అక్కడ వెనకున్న కొండలు మరీ దూరంలో ఉండవు. వాటిని దూరంగా చూపేది గాలి మసక కాదు, నీటి మీది తెల్లపొర కొండ పాదాన్ని మింగేయడం. ఆ దృశ్యానికి లియొనార్డో సూత్రం వాడి కొండలకు నీలం పూస్తే బొమ్మ దెబ్బతింటుంది. గువో షీ పద్ధతిలో పాదాన్ని వదిలేసి, శిఖరాన్ని దాని అసలు ముదురులోనే ఉంచితే నిలుస్తుంది.

సూర్యుడు ఏ వైపు?

టర్నర్‌ను జీవితాంతం సమర్థించిన విమర్శకుడు జాన్ రస్కిన్ 1857లో రాసిన చిత్రలేఖన పాఠాల్లో ఒక ధైర్యమైన మాట అన్నాడు. వేడి రంగులు ముందుకు వస్తాయి, చల్లని రంగులు వెనక్కి పోతాయి అన్నది వట్టి సిద్ధాంతమనీ, సంజె ఆకాశపు బంగారు, నారింజ రంగులకన్నా గొప్పగా దూరాన్ని చెప్పేది మరొకటి లేదనీ ఆయన వాదన. దీనికి ఎదురుగా, చిత్రకళ పాఠశాలల్లో వేడి ముందు, చల్లన వెనక అన్న నియమం నేటికీ నడుస్తూనే ఉంది.

రీగి చిత్రాలు రెండూ పక్కపక్కన పెడితే ఈ తగవులో చాలా భాగం తీరిపోతుంది. కొండ లూసర్న్‌కు తూర్పున ఉంది. తెల్లవారుజామున సూర్యుడు దాని వెనక ఉంటాడు, కాబట్టి మనకు కనిపించే ముఖమంతా నీడ. నీడలోని ముదురు కొండ మీద గాలి చెదరగొట్టిన వెలుగే ఎక్కువగా కనిపిస్తుంది, అది నీలం. సాయంత్రం సూర్యుడు చూసేవాడి వెనక పడమట ఉంటాడు. దీర్ఘమైన దారిలో నీలం పోగొట్టుకున్న ఎర్రటి ఎండ కొండ ముఖానికి నేరుగా తగులుతుంది, మధ్య గాలిలోని మసక ఆ వెలుగు ముందు ఓడిపోతుంది. దూరపు రంగు దూరం ఒక్కటీ నిర్ణయించేది కాదు. సూర్యుడు, కొండ, చూసేవాడు ఎటెటు నిలిచారన్నది దానికన్నా ముందు వస్తుంది.

రంగు ఇలా మారినా మారనిది ఒకటుంది: వెలుగునీడల తేడా తగ్గడం. ఎర్ర రీగిలో కూడా కొండ మీది నీడలు ముందున్న నీడలంత ముదురుగా ఉండవు. అందుకే నీలమా ఎరుపా అన్న తర్జనభర్జనకన్నా, ప్రతి పొరలో అన్నిటికన్నా ముదురైన చోటు ఎంత ముదురు అని అడగడం మేలు.

సూర్యుడికి ఎదురుగా చూసే ఉదయంలో మరో మార్పు ఉంది. మసక కణాలు వెలుగును ఎక్కువగా ముందుకే, అంటే మన కంటివైపే చెదరగొడతాయి. సూర్యుడు శిఖరం దాటిన కొద్ది నిమిషాల్లో, అంతసేపూ నీలంగా ఉన్న మసక ఒక్కసారిగా బంగారువన్నెలో వెలుగుతుంది. కొండలు ఒకదాని వెనక ఒకటి వివరాల్లేని ఆకారాలై, వెనకకు పోయేకొద్దీ తేలికవుతాయి. పొరలు స్పష్టంగా విడిపడేది అప్పుడే. కెమెరాలు పట్టుకున్నవాళ్లు ఆ వేళ కోసమే కాచుకుంటారు.

ముందుభాగంతో ఏం చేయాలి?

దూరం సంగతి చాలావరకు తేలినా ముందుభాగం మీద తగాదా తెగలేదు. కన్ను దగ్గరనూ దూరాన్నీ ఒకేసారి స్పష్టంగా చూడలేదని రస్కిన్ 1843లో వాదించాడు. పాత గురువులు రెంటినీ చెక్కినట్టు గీసి అబద్ధం చెప్పారనీ, టర్నర్ ముందుభాగాన్ని అస్పష్టంగా వదిలి దూరానికి ప్రాణం పోశాడనీ ఆయన తీర్పు. ఫొటోగ్రఫీలో పీటర్ హెన్రీ ఎమర్సన్ 1889 పుస్తకంలో ఇలాంటి వాదమే చేశాడు: ఒక తలాన్నే తేటగా ఉంచి మిగతాది కాస్త మెత్తగా వదలాలి. తర్వాత రెండేళ్లు తిరక్కముందే ఆయన తన సిద్ధాంతాన్ని తానే బహిరంగంగా వెనక్కి తీసుకున్నాడు.

1932లో కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ తదితరులు ఎఫ్/64 అనే బృందంగా ఏర్పడి సరిగ్గా దీనికి ఎదురు నిలబడ్డారు. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, పాదాల దగ్గరి గులకరాయి నుంచి శిఖరం దాకా అంతా తేటగా ఉంచాలన్నారు. ఈనాటి డిజిటల్ కెమెరాలో ఇది ఎంత తేలికో ఒక లెక్క చెబుతుంది. పూర్తి ఫ్రేమ్ కెమెరా, 24 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/11 అనుకుంటే, సుమారు 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే చాలు. 90 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా ఆమోదించదగినంత తేటగా వస్తుంది.

ఇది తేలిక కావడమే కొత్త చిక్కు తెచ్చింది. వెడల్పు లెన్స్ ముందు రాయిని పెద్దది చేస్తుంది, 13 కిలోమీటర్ల కొండను గోరంత చేస్తుంది. రాయి మీది ప్రతి గీతా కనిపిస్తుంటే చూపు అక్కడే ఆగిపోతుంది. పొడవు లెన్స్‌వాళ్లు అసలు ముందుభాగమే వద్దని దూరపు పొరలను మాత్రమే కోసి చూపుతారు. వాటిలో మసక అందంగా ఉంటుంది కానీ చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలియదు.

టర్నర్ బ్లూ రీగిలో చేసినది ఈ రెంటికీ మధ్య దారి. కొండ మీద పలుచని నీలం పూతలు ఒకదాని మీద ఒకటి వేసి, సన్నటి కుంచె గీతలతో దాని వాలులకు రూపం ఇచ్చాడు. ముందుభాగంలో రాయి లేదు, చెట్టు లేదు. నీళ్లే ఉన్నాయి. ఆ నీళ్లలో బాతులు, వాటి వెంట పడే కుక్కలు, అంతా చిన్నచిన్న ముదురు గుర్తులు. ముందుభాగాన్ని నింపింది వస్తువు కాదు, అలజడి. చుట్టూ నిశ్చలంగా ఉన్న దృశ్యంలో ఆ కదలిక ఒక్కటే దగ్గరితనాన్ని మోస్తుంది. వివరం తక్కువ, ముదురు ఎక్కువ అన్న ఈ పరిష్కారం రస్కిన్‌నూ ఆడమ్స్‌నూ ఇద్దరినీ కొంత ఒప్పిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఎక్కడ చెడుతుంది, ఎలా తెలుస్తుంది

అన్ని పక్షాల వాళ్లూ ఒప్పుకునే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. కొండ పాదం పదునైన గీతగా సరస్సును తాకితే అక్కడ గాలి లేదని అర్థం. నిజానికి మసక ఎక్కువగా పేరుకునేది అక్కడే కాబట్టి కొండలో అన్నిటికన్నా తేలికైన చోటు పాదమే కావాలి. నీటిరంగులో దీనికి సులువైన దారి ఉంది: శిఖరం నుంచి పూత కిందికి దించుతూ, పాదం చేరేలోపు కుంచెలో రంగు తగ్గించి నీళ్లు పెంచడం, కాగితం తడి ఆరకముందే అంచును కరగనివ్వడం. ఆ పొర పూర్తిగా ఆరాకే ముందు పొర వేయాలి. ఆరకముందే వేస్తే ముదురు రంగు వెనకకు పాకి రెండు దూరాలూ కలిసిపోతాయి.

నీళ్లలోని ప్రతిబింబం రెండో చోటు. ప్రతిబింబంలోని కొండ వెలుగు కూడా దాదాపు అంతే గాలి దాటి వస్తుంది. అందువల్ల అది అసలు కొండకన్నా తేటగా ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. మూడోది నల్లబడిన ముందుభాగం. ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూస్తే, లేదా కళ్లు సగం మూసి బొమ్మను చూస్తే ఇది వెంటనే పట్టుబడుతుంది. ముందు ఒక నల్ల ముద్ద, వెనక ఒక తెల్ల ముద్ద మిగిలి నడిమిభాగం మాయమైతే పొరలు మూడు కాదు, రెండే.

ఇంకా తేలనివి

మసకను ఉంచాలా తీయాలా అన్న ప్రశ్న ఫొటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఉంది. తొలినాటి ప్లేట్లు నీలం వెలుగుకే ఎక్కువగా స్పందించేవి. అందుకే మసక కంటికి కనిపించినదానికన్నా చిక్కగా పడేది. అన్ని రంగులకూ స్పందించే ప్లేట్లు, ఎర్ర ఫిల్టర్లు వచ్చాక అదే మసకను చీల్చుకుని చూడటం సాధ్యమైంది. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్‌లోని డీహేజ్ మీట చేస్తుంది. 2009లో కైమింగ్ హ, ఆయన సహ పరిశోధకులు ప్రకటించిన పద్ధతి ఈ రంగంలో మైలురాయి. మసక లేని ఆరుబయటి ఫొటోలో ఆకాశం మినహా ఏ చిన్న ముక్క తీసుకున్నా అందులో కొన్ని చోట్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఏదో ఒకటి దాదాపు సున్నాకు దిగుతుందనీ, దిగకపోతే ఆ మిగులు మసకేననీ దాని ఊహ. సహజంగానే తెల్లగా ఉండేవాటి దగ్గర అది బోల్తా పడుతుంది. మంచుశిఖరం, నీటి మీది తెల్లటి పొగమంచు, మెరిసే నీరు: కొండ సరస్సు ఉదయంలో ఉన్నవన్నీ అవే. అక్కడ సాఫ్ట్‌వేర్ మసకతోపాటు దృశ్యాన్ని కూడా కొంత తోడేస్తుంది. శిఖరం మురికిబూడిద రంగుకు తిరుగుతుంది, కొండ అంచు వెంట ఒక వెలుగుగీత మొలుస్తుంది.

రెండో ప్రశ్న చూసేవాళ్ల గురించి. గాలి లేని చంద్రుడి మీద వ్యోమగాములు దూరాలను అంచనా వేయడంలో ఇబ్బంది పడ్డారు. మసకను మన మెదడు కొలబద్దగా వాడుకుంటుందనడానికి అదొక గట్టి సాక్ష్యం. అయితే ఆ కొలబద్ద అందరికీ ఒకటేనా? తేటగాలికి అలవాటుపడ్డవాళ్లకు పలుచని మసక కూడా పెద్ద దూరంగా తోచవచ్చు. రోజూ ధూళి, పొగల మధ్య బతికే నగరవాసికి అదే మసక పక్కవీధిలా అనిపించవచ్చు. 28 శాతానికి దిగిన రీగి ఆ ఇద్దరి కళ్లకూ ఒకే దూరంలో నిలుస్తుందా అన్నదానికి చిత్రకళ సూత్రాల్లో గానీ, కోష్మీడర్ లెక్కలో గానీ జవాబు దొరకదు. ఆ సూత్రాలు రాసినవాళ్లందరూ తమ ఊరి గాలినే కొలతగా తీసుకున్నారు.